కంసుడికి వజ్రం ఎందుకిచ్చారు మామయ్యా?

ఒరేయ్ చంటీ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఆఫీసు మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్‌కి మారింది, ట్రాఫిక్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు పంపిన మాగాయ జాడీ అడుగంటింది. వివరాలన్నీ ఫోన్‌లో మాట్లాడుకుందాం. ఇప్పుడు నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టని విషయం ఒకటుంది.

మా అక్క కూతురు బుజ్జి తెలుసుగా? తొమ్మిదేళ్ళొచ్చాయి. పుట్టింది, పెరిగింది బెంగళూరులోనే. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవలేదు, బడిలో కన్నడం నేర్చుకుంటోంది. అపార్ట్‌మెంటులో కృష్ణాష్టమికి పాడాలని సంగీతం క్లాసులో 'ముద్దుగారే యశోద' నేర్పారు. అన్నమయ్యది, మీ నాన్నమ్మ తులసికోట దగ్గర పాడేది, అదే. (రెండో చరణం రాగానే నువ్వూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ఎందుకో ఇక్కడ రాయను.) పిల్ల గొంతు బాగుంది. కురంజి రాగం చక్కగా పట్టుకుంది. పాటంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "మామయ్యా, కంసుడు చెడ్డవాడు కదా, వాడికి వజ్రం ఎందుకిచ్చారు?" అని అడిగింది.

చూడు, ఎంత మంచి ప్రశ్నో! ఆదివారం పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళ దాటినా మేమిద్దరం లేవలేదు.

ముందు దాని కాగితం చూశాను. పాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చారు. సగం చిక్కు అక్కడే ఉంది. ఆ అక్షరాల్లో ద, డ, ల, ళ తేడాలు తెలియవు. 'కంసుని పాలి వజ్రము' అంటే కంసుడి పాలలో వజ్రం వేశారేమో అనుకుందట. 'ముద్దుగారే' అంటే 'ముద్దు గారు' అని, యశోదని మర్యాదగా పిలుస్తున్నారనుకుంది! దాని తప్పేముంది? మనం ఇంట్లో నేర్పిన మర్యాదే కదా అది. ముద్దు కారే అన్నది పాటలో ముద్దుగారే అయిందని చెప్పాను. నిండిన కుండ నుంచి నీళ్ళు కారినట్టు చిన్ని కృష్ణుడి ఒంట్లోంచి ముద్దు కారిపోతోందన్నమాట. ముద్దుని కన్నడంలోనూ ముద్దు అనే అంటారు కాబట్టి ఆ మాట దానికి చుట్టమే.

పాలి దగ్గర కన్నడమే దారి చూపించింది. "నన్న పాలిగె అంటే ఏమిటే?" అని అడిగాను. "నా మట్టుకు, నా వంతుకి" అంది టక్కున. మన 'నా పాలిట దేవుడు'లో ఉన్న పాలు కూడా అదే. అంటే కంసుడికి ఎవరూ వజ్రం బహుమతిగా ఇవ్వలేదు, కంసుడి మట్టుకు కృష్ణుడే వజ్రం. "అయితే ఇష్టమనేగా?" అంది. వజ్రమంటే దానికి నగల దుకాణం ప్రకటనలే గుర్తొస్తాయి మరి. వజ్రం అన్ని రాళ్ళకన్నా గట్టిది, దేన్నయినా కోస్తుంది, దానిమీద గీత పడదు. ఇంద్రుడి ఆయుధం పేరు కూడా వజ్రమే. ఈ రెండూ చెప్పి, దాని ముందు పాదం మళ్ళీ పాడమన్నాను. 'గొల్లెతల అరచేతి మాణిక్యము'. గొల్లెతలంటే గొల్ల ఆడవాళ్ళు. వాళ్ళకి వాడు అరచేతిలో పెట్టుకు చూసుకునే ఎర్రటి కెంపు. పంతం పట్టిన కంసుడికి అదే పిల్లాడు వజ్రం. పిల్ల కాసేపు ఆలోచించి, "ఒకడే, కానీ పట్టుకున్నవాళ్ళని బట్టి రాయి మారుతోంది" అంది. చంటీ, నాకు ఒళ్ళు పులకరించింది. పాట తాళంచెవి దాని చేతికి వచ్చేసింది. ఇక ప్రతి రాయి దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకున్నాం. దాని రంగో గుణమో ఏమిటి? అది ఎవరి దగ్గర ఉంది?

అలా చూస్తే ఎంత బాగా విడివడుతుందో! మూడు లోకాలకీ కాంతులిచ్చే గరుడపచ్చ పూస, అంటే మరకతం. రుక్మిణి దగ్గర పగడం, ఎందుకంటే పాటలో 'మోవి' అని ఉంది, అంటే పెదవి, ఎరుపు. అక్కడ 'రతికేళి' అని ఉంది కదా, అదేమిటని అడిగింది. పెళ్ళయినవాళ్ళ సరసం అని చెప్పాను. "ఓహో" అని ముందుకెళ్ళిపోయింది. దాచి ఏదో అబద్ధం చెప్పి ఉంటే అక్కడే పట్టుకుని కూర్చునేది. గోవర్ధనం దగ్గర గోమేధికం, తేనె రంగు రాయి. రెండు మాటల్లోనూ ముందు 'గో' వినిపిస్తుంది చూడు, నోటితో అంటుంటే ఎంత హాయిగా ఉంటుందో. కాళింగుడి దగ్గరికొచ్చేసరికి, "కాళింగ సర్పనా!" అని ఎగిరి గంతేసింది. కన్నడంలో రాచనాగుని కాళింగ సర్ప అంటారు. మన కాళియుడే, పాటలో కాళింగుడు. నల్లటి పడగల మీద పుష్యరాగం కప్పినట్టుందంటే, పసుపుపచ్చ రాయి, పీతాంబరం కట్టినవాడు. నల్లటి దాని మీద పసుపు! అప్పటికప్పుడు క్రేయాన్లు తెచ్చి బొమ్మ వేసింది. పడగలు ఐదు వేసి, కాగితం చాలక ఆగిపోయింది.

అసలు నీకు చెప్పాలని తహతహలాడుతున్నది ఇప్పుడొస్తోంది.

'శంఖ చక్రాల సందుల వైడూర్యము' దగ్గర ఆగింది. వైడూర్యం అంటే పిల్లికన్ను రాయి. తిప్పితే లోపల ఓ వెలుగుగీత అటూ ఇటూ కదులుతుంది. రెండు చేతుల నడుమ, శంఖానికీ చక్రానికీ మధ్య ఆ మెరుపు. (మీ బాబాయి ఉంగరం గుర్తొచ్చిందా? నాకూ గుర్తొచ్చింది. సరే, వదిలేద్దాం.) ఇదంతా విని బుజ్జి, "ఆగు మామయ్యా, చిన్ని కృష్ణుడికి శంఖం చక్రం ఎక్కడివి? వాడికి వెన్నముద్దే కదా ఉండేది?" అంది.

అదీ ప్రశ్న. ఇన్నేళ్ళు విన్నాం, మనం ఎప్పుడైనా అడిగామా? ఇది ఎవరి మీద పాట? మొదటి మాట విని కృష్ణుడి పాట అనేస్తాం. నేను జవాబు చెప్పలేదు, చరణాల చివర్లు మాత్రం వరసగా పాడమన్నాను. మొదటి చరణం చివర 'చిన్ని కృష్ణుడు'. రెండో దాని చివర 'కమలాక్షుడు', మూడో దాని చివర 'పద్మనాభుడు'. నాభిలో పద్మం, ఆ పద్మంలో బ్రహ్మ ఉన్నవాడు పాకుతూ వాకిట్లో తిరిగే పిల్లాడు ఎలా అవుతాడు? అవతారం ఎత్తినవాడూ, ఎత్తకముందున్నవాడూ ఒక్కడే అని చెప్పడానికి అన్నమయ్య మెట్టు మెట్టుగా ఎక్కించాడు. 'ఏలేటి శ్రీ వేంకటాద్రి ఇంద్రనీలము' దగ్గర ముద్ర పడింది. అన్నమయ్య కీర్తనల్లో చివరి చరణంలో వేంకటేశుడి పేరు వస్తుంది, అది ఆయన సంతకం లాంటిది. ఏలేటి అంటే ఏలుతున్న. కంసుడూ కాళింగుడూ ఎప్పటి కథలో, కానీ ఈయన కొండ మీద ఇప్పుడూ ఏలుతున్నాడు. పదిహేనో శతాబ్దంలో తాళ్ళపాక నుంచి ఆ కొండెక్కిన మనిషి, యశోద వాకిలి మొదలు పెట్టి తన ఎదుట నిలబడ్డ నల్లని స్వామి దాకా వచ్చాడు.

ఇంకో సంగతి. "దేవుణ్ణి వీడు అనొచ్చా?" అని అడిగింది. మా అక్క దానికి ఆయన, స్వామి అని నేర్పింది, మరి అడగదా? పాటలో నువ్వు అన్న మాటే లేదు. పాడేవాడు దేవుడితో మాట్లాడటం లేదు, పక్కవాళ్ళకి చూపిస్తున్నాడు. మా వాడు చూశారా, యశోద ముంగిట్లో ముత్యం వీడు అని. ముంగిలి అంటే ఇంటి ముందు వాకిలి. 'మాలో నున్న' అనీ 'మమ్ము గాచే' అనీ ఉంది కదా, తానూ ఆ గొల్లపల్లెలో ఒకడై అంటున్నాడు. ఇంట్లోవాళ్ళు ఇంట్లో పిల్లాణ్ణి వాడు వీడు అనే అంటారు. కానీ రెండో పాదంలోనే 'తిద్దరాని మహిమల దేవకీ సుతుడు' అంటాడు. దిద్దడానికి వీల్లేని మహిమలు వాడివి. పెంచింది యశోద, కన్నది దేవకి. ఇద్దరమ్మల సంగతి రెండు పాదాల్లో అయిపోయింది. అంతా విని, "అయితే నేను పాడేటప్పుడు వీడు అని గట్టిగా అనొచ్చు" అంది. అనొచ్చు కాదు, అనాలి అన్నాను.

వేళ్ళు లెక్క పెట్టింది. ముత్యం, మాణిక్యం, వజ్రం, పచ్చ, పగడం, గోమేధికం, వైడూర్యం, పుష్యరాగం, ఇంద్రనీలం. తొమ్మిదీ అయిపోయాయి. "కానీ ఇంకోటుంది, పదోది!" అంది. అవును. 'పాలజలనిధిలోన బాయని దివ్యరత్నము'. ఇక్కడ పాలు నిజంగా పాలే, పాలసముద్రం. బాయని అంటే విడవని. సముద్రం చిలికినప్పుడు కౌస్తుభం బయటికొచ్చింది, లక్ష్మి బయటికొచ్చింది. వాళ్ళు వచ్చారు కానీ ఇతను ఆ సముద్రాన్ని విడవడు, అందుకే ఈ రత్నానికి పేరు పెట్టలేదని నాకనిపిస్తుంది. నవరత్నాల్లో దేనికీ అందనివాడు. ఆ వెంటనే 'బాలునివలె దిరిగే' అని అంటాడు. బాలుడు అనలేదు, బాలుని వలె అన్నాడు! ఆ 'వలె'ని బుజ్జి తనే పట్టుకుంది. "అంటే పిల్లాడిలా తిరుగుతున్నాడంతే, పిల్లాడు కాదు" అని.

మొన్న మళ్ళీ పాడి వినిపించింది. కంసుడి పాదం దగ్గర గొంతు గట్టిపడింది, గొల్లెతల దగ్గర మెత్తబడింది. ఎవరూ చెప్పలేదు దానికి. నేను కాగితం మీద తెలుగులో రాసిచ్చాను, పక్కన అదే కన్నడ లిపిలోనూ రాశాను. ద, డ, ల, ళ తేడాలు అందులో నిలుస్తాయి.

నువ్వు ఒక పని చేయాలి. మీ నాన్నమ్మ నోట్‌బుక్ ఇంకా అలమారలో ఉంటే, అందులో ఈ పాట ఎలా రాసుందో ఫోటో తీసి పంపు. 'ముంగిటి' అని ఉందా, 'ముంగిట' అని ఉందా చూడు. ఆవిడ పాడే పద్ధతి బుజ్జికి వినిపించాలని ఉంది. మీ పిన్నుల్లో ఎవరైనా పాడితే రికార్డు చేసినా చాలు.

అక్క కింద నుంచి హారన్ కొడుతోంది, పిల్లని క్లాసుకి నేనే దింపాలి. ఉంటాను. జాడీ సంగతి మరవకు.

నీ
శీనుగాడు