ఈ రూపాయి వడ్డీ ఆ రూపాయి వడ్డీ కాదు

సంపాదకులకు,

తాడిపత్రిలో మా ఎదురింటి అబ్బాయి పాత ఆటో కొనడానికి ఒక ఫైనాన్స్‌లో లక్ష రూపాయలు తీసుకున్నాడు. గడువు 24 నెలలు. "రూపాయి వడ్డీకే ఇచ్చినారు మామా" అని సంతోషంగా కాగితాలు చూపించాడు. సొసైటీలో పద్దులు రాసిన చేతులు కదా, ఊరుకోలేక లెక్క వేశాను.

మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. కానీ అసలులో కొంత కట్టినప్పుడు ప్రోనోటు వెనక చెల్లు రాస్తారు. ఆ రోజు నుంచి మిగిలిన దానికే వడ్డీ. బ్యాంకులు రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అనేది దీన్నే.

ఫైనాన్స్ వాళ్లది ఫ్లాట్ రేటు. లక్షకు రెండేళ్ల వడ్డీ 24 వేలు ముందే కలిపేసి, 1,24,000ను 24తో భాగించారు. కంతు 5,167. అంటే నెలనెలా అసలు 4,167 తీరుతున్నా, వడ్డీ మాత్రం లక్ష మీద 1,000 చొప్పున నడుస్తూనే ఉంటుంది. వాళ్ల లెక్క ప్రకారమే ఆఖరి నెలలో మిగిలే అసలు 4,167. దానికీ వడ్డీ వెయ్యే! చెల్లు రాయని ప్రోనోటన్నమాట.

మిగిలిన అసలు మీదే లెక్కగడితే ఈ కంతుకు నిజమైన రేటు 21.6 శాతం, అంటే నూటికి రూపాయి 80 పైసలు. నిజంగా 12 శాతమే అయితే కంతు సుమారు 4,707, మొత్తం వడ్డీ 13 వేల లోపు. అబ్బాయి కట్టేది 24 వేలు. నమ్మకం లేనివాళ్లు ఎక్సెల్‌లో ఇది కొట్టి చూసుకోవచ్చు:

`=RATE(24,-5167,100000)*12`

డాక్యుమెంట్ ఖర్చులని 2,000 పట్టుకుని 98 వేలే చేతికిచ్చారు. పై లెక్కలో లక్షకు బదులు 98000 వేస్తే రేటు 23 శాతం దాటుతుంది.

ఫ్లాట్ రేటు వేయడం చట్టవిరుద్ధం కాదు, దానికి నిషేధం లేదు. అయితే 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులన్నిటికీ బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఖర్చులతో సహా నిజమైన రేటు, ఏపీఆర్ పేరుతో అందులో ఉండాలి. అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. అబ్బాయికి ఇచ్చిన కట్టలో ఆ కాగితం ఉంది, ఇంగ్లీషులో. సంతకాలు పెట్టిన తరవాత చేతికి వచ్చింది.

బేరం షోరూం బల్ల దగ్గర "రూపాయి" అన్న మాటతోనే తెగిపోతోంది. ఏపీఆర్ అంకెను షోరూం బోర్డు మీద, ఆ రూపాయి వడ్డీ పక్కనే, అంతే పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించే నిబంధన రిజర్వ్ బ్యాంకు తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ సొసైటీ గుమాస్తా,
తాడిపత్రి, అనంతపురం జిల్లా