పాత సరుకుకి దారి

పాలకొల్లు

బావా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. అమలాపురంలో హోటలు పెట్టే గది ఖాయం అయిందని, కూల్ రూము బిగించేవాళ్లు వచ్చే వారం వస్తారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అడ్వాన్సు సంగతి, లైసెన్సు సంగతి మళ్లీ రాస్తాను. నువ్వు చివర్లో అడిగిన మాట ఒకటుంది కదా, "ముందొచ్చిన సరుకు ముందు వాడాలని అందరికీ తెలుసు, మరి స్టోర్లో పాడైపోయేది ఎందుకు పాడైపోతుంది" అని. దానికే ఇవాళ జవాబు రాస్తున్నాను. ర్యాకులు బిగించకముందే నీకు ఇది తెలియాలి. తర్వాతైతే మేకులు పీకి మళ్లీ కొట్టాలి.

ముందు మా శనగపిండి డ్రమ్ము సంగతి చెప్తాను. నలభై కిలోల డ్రమ్ము. సాయంత్రం బజ్జీలకీ పకోడీకీ రోజుకి రెండు కిలోలు పోతుంది. సగానికి దిగగానే ఇరవై కిలోలు తెప్పించి పైన పోసేవాళ్లం. డ్రమ్ము ఎప్పుడూ నిండుగా, శుభ్రంగా కనపడేది. మే నెలలో ఒక పెళ్లివారికి పకోడీ ఆర్డరు వచ్చింది. ఆ రోజు మొదటిసారి మాస్టరు అడుగుదాకా పిండి తోడాడు. పకోడీ చేదొచ్చింది. నూనె అనుకుని నూనె మార్చాం, మళ్లీ చేదే. అప్పుడు డ్రమ్ము పక్కకి వంచి చూస్తే, అడుగున పిండి ఉండలు కట్టి, సన్నటి గూడు అల్లుకుని, ముక్కిపోయిన వాసన కొడుతోంది. ఇంకో సంగతి గమనించాను. అడుగు పిండి కాస్త బరకగా, రంగు ముదురుగా ఉంది. మేము మిల్లు మార్చింది సంక్రాంతి వెళ్లాక. అంటే అడుగున ఉన్నది మిల్లు మార్చకముందు పోసిన పిండి.

లెక్క చూడు. రోజుకి రెండు కిలోలు పోయేచోట నలభై కిలోల డ్రమ్ము ఇరవై రోజుల్లో తిరిగిపోవాలి. కానీ పోసేదీ పైనించే, తీసేదీ పైనించే. అందుకని పై ఇరవై కిలోలే అస్తమానం తిరిగాయి, కింది ఇరవై కిలోలు నాలుగు నెలలకి పైగా కదల్లేదు. అందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. మా మాస్టరుకి ఏది ముందు వాడాలో నాకంటే బాగా తెలుసు. డ్రమ్ముకి ఒకటే నోరు ఉంది, పాతదానికి బయటికి వచ్చే దారి లేదు. అంతే.

ఆ రోజు నించి ఏ గదిలోకి వెళ్లినా నేను ముందు చూసేది అదే. పెట్టేవైపు ఏది, తీసేవైపు ఏది? రెండూ ఒకటే అయితే అక్కడ పాతది ఇరుక్కుంటుంది. గోడకి ఎంత పెద్ద నోటీసు అంటించినా ఇరుక్కుంటుంది.

పెద్ద డ్రమ్ము తీసేసి ఇరవై కిలోలవి రెండు కొన్నాం. ఒకటి వాడుతున్నది, ఒకటి ఆగి ఉన్నది. వాడుతున్న డ్రమ్ము అడుగు కనపడేదాకా రెండోదాని మూత తీయకూడదు. మొదటిది ఖాళీ అయ్యాక పొడిగుడ్డతో మూలలు తుడిచి, ఎండలో ఒక పూట బోర్లించి, అప్పుడే షాపుకి కబురు చేస్తాం. కొత్త పిండి ఆ ఖాళీ డ్రమ్ములోకే వస్తుంది. రెండో డ్రమ్ములో పది రోజుల పిండి ఉంటుంది కాబట్టి సరుకు ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. ఇందులో ఇంకో లాభం ఉంది, ఎప్పుడు తెప్పించాలో ఎవరూ గుర్తు పెట్టుకోనక్కరలేదు, ఖాళీ డ్రమ్మే చెప్తుంది. ఒక్క జాగ్రత్త, డ్రమ్ము కడిగితే పూర్తిగా ఆరాకే పొయ్యాలి. మన వైపు వానాకాలంలో గాల్లోనే చెమ్మ ఉంటుంది. తడి డ్రమ్ములో పోసిన పిండి ఆగి ఉన్న పది రోజుల్లోనే బూజు పడుతుంది. మైదా, బొంబాయి రవ్వ, కారం, కందిపప్పు అన్నిటికీ ఇదే పద్ధతి పెట్టాం. ఉప్పుకీ పంచదారకీ ఇంత హడావుడి అక్కరలేదు, అవి తడి తగలకుండా ఉంటే చాలు.

బియ్యం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఆలోచించు. మనకి పాత బియ్యమే కావాలి కదా, కొత్తబియ్యం అన్నం ముద్దవుతుంది. అయితే వచ్చిన తారీఖు చూసి బస్తాలు వాడితే మోసపోతాం. మొన్న దాళ్వా బియ్యం పది బస్తాలు వచ్చిన వారానికి, మిల్లు నించి అంతకు ముందు పండిన సార్వా బియ్యం ఐదు బస్తాలు వచ్చాయి. తర్వాత వచ్చినవే పాతవి. వాటినే ముందు విప్పాం, దాళ్వావి ఇంకా ముదరాలి. అందుకని బస్తా మీద రెండూ రాస్తాం, ఏ పంటదో, ఎప్పుడు దిగిందో. బస్తాలు ఒకదాని మీద ఒకటి ఒకే దొంతరగా పేరిస్తే శనగపిండి డ్రమ్ము కథే మళ్లీ. రెండు దొంతరలు పెట్టు, ఒకటి అయ్యేదాకా రెండోదాన్ని ముట్టుకోవద్దు. కింద చెక్కబల్ల వెయ్యి, నేలకి జానెడు ఎత్తు, గోడకి కూడా ఎడం. చెమ్మ కింద నించీ గోడ నించీ వస్తుంది.

ఇక ర్యాకులు. వెనక నించి పెట్టి ముందు నించి తీయడం అన్నిటికంటే మంచిది. కానీ దానికి ర్యాకు వెనక మనిషి నడిచే చోటు కావాలి. నీ గదిలో అంత ఉండదు, నా గదిలోనూ లేదు. నేను చేసింది ఏంటంటే, ప్రతి సరుకుకీ అడ్డంగా ఒక పట్టీ ఇచ్చాను. తలుపు వైపు చివర నించి తీస్తాం, లోపలి చివర పెడతాం. సరుకు వచ్చినప్పుడు మిగిలిన ప్యాకెట్లని తలుపు వైపుకి జరిపి, ఖాళీ అయిన లోపలి భాగంలో కొత్తవి పేరుస్తాం. తీసే వైపు తలుపు దగ్గరే ఎందుకంటే, రద్దీ వేళ పరిగెత్తుకొచ్చిన కుర్రాడి చెయ్యి ముందు తగిలేదాని మీదే పడుతుంది. ఆ ముందు తగిలేది పాతదైతే, వాడు ఏమీ ఆలోచించకపోయినా సరైన పని చేసినట్టే.

ఇదంతా జరగాలంటే ర్యాకులో నాలుగో వంతు ఖాళీ ఉండాలి బావా. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ర్యాకు కిటకిటలాడితే జరపడానికి చోటు ఉండదు, కొత్తది పాతదాని ముందు కుక్కాల్సి వస్తుంది. ధర తగ్గిందని నెల సరుకు ఒకేసారి దించుకున్న రోజునే వరస చెడుతుంది. సరుకు దిగే వేళ కూడా చూసుకో. మాకు పదకొండున్నరకి, భోజనాల హడావుడి మొదలయ్యేటప్పుడు దిగేది. ఎవరికీ జరిపే తీరిక ఉండదు, తలుపు దగ్గరే పడేసేవాళ్లు. ఇప్పుడు షాపువాళ్లని మూడు నించి ఐదు లోపల రమ్మన్నాం. పది నిమిషాల పని, ఆ వేళలో ఎవరికీ బరువనిపించదు.

కూల్ రూములో పట్టీల పద్ధతి అదే. అయితే అక్కడ మనల్ని దెబ్బతీసేది టబ్బులు. మా అల్లంవెల్లుల్లి ముద్దనే తీసుకో. సోమవారం రుబ్బింది బుధవారానికి అరకిలో మిగిలేది. బుధవారం రెండు కిలోలు రుబ్బి అదే టబ్బులో దాని మీదే వేసేవాళ్లు, బుధవారం అని రాసేవాళ్లు. శుక్రవారం మళ్లీ అంతే. అలాంటి టబ్బుకి పుట్టినరోజు అంటూ ఉండదు. పైన తాజా, అంచుల్లో సోమవారం. పుల్లవాసన మొదలైతే ఏ రోజుదో ఎవరూ చెప్పలేరు, మొత్తం పారబోయాలి. ఇప్పుడు మా దగ్గర నియమం ఒకటే, మిగిలినది ఎంత తక్కువైనా చిన్న డబ్బాలోకి మార్చి ముందు పెట్టాలి, కొత్తది వేరే కడిగిన టబ్బులో. పొరపాటున కలిపేస్తే మొత్తానికి పాత తారీఖే.

తారీఖు రాసే పద్ధతిలో మేము రెండు తప్పులు చేశాం, నువ్వు చెయ్యొద్దు. మొదటిది, మూత మీద రాయడం. కడిగే చోట మూతలు మారిపోతాయి, మంగళవారం మూత గురువారం టబ్బు మీదికి వెళ్తుంది. టబ్బు ఒంటి మీదే రాయాలి. రెండోది, చల్లబడిన టబ్బుకి టేపు అంటించడం. పైన నీటి చెమ్మ పట్టి టేపు ఊడి నేలమీద పడుతుంది. టబ్బు పొడిగా, చల్లబడకముందే కాగితం టేపు అంటించి, చెరగని మార్కరుతో రాయాలి. ఏం పదార్థం, చేసిన తారీఖు, వేళ, ఎప్పటిలోగా వాడాలో, అంతే. ఫ్రీజర్ నించి దించి కరిగించిన రొయ్యలకైతే కరిగించిన రోజు కూడా రాయి. ఫ్రీజర్లో ఎన్నాళ్లున్నా, కరిగిన దగ్గర నించి అవి పచ్చి రొయ్యలే. మేము మర్నాటికి ఉంచం.

పాల ప్యాకెట్ల దగ్గర వచ్చిన వరస నమ్మకు. ఒకసారి మంగళవారం దిగిన పెరుగు ప్యాకెట్ల మీద తారీఖు, ఆదివారం దిగినవాటికంటే ముందే ఉంది. డిపోలో మిగిలినవి అంటగట్టారన్నమాట. గడువు రాసి ఉన్న సరుకుకి గడువే లెక్క, వచ్చిన రోజు కాదు. దింపుకునేటప్పుడే చదివి, మరీ దగ్గర గడువువి తిప్పి పంపు. కూరగాయలకైతే ఏ తారీఖూ పనికిరాదు. నిన్న వచ్చిన దోర టమాటాలకంటే ఇవాళ వచ్చిన పండు టమాటాలే ముందు వాడాలి. అక్కడ కళ్లూ వేళ్లూ చెప్పిందే వరస. క్రేట్లు మాత్రం పాతదాని మీద కొత్తది పెట్టకుండా చూడు, కొత్త క్రేటు వచ్చినప్పుడల్లా పాతదాన్ని పైకెత్తి కొత్తది కింద పెట్టించు.

వరస కోసం అరల క్రమం మాత్రం చెడగొట్టకు. పచ్చి కోడి, చేప, రొయ్య ఎంత పాతవైనా కింది అరలోనే, వండినవి పైన. పచ్చివాటి నీరు ఒక్క చుక్క కూడా వండినదాంట్లో పడకూడదు. ఫ్యాను గాలి వచ్చే చోట టబ్బులు అడ్డం పెట్టొద్దు, గాలి తిరగని మూలలో చల్లదనం ఉండదు. కూల్ రూము 5 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే టేపు మీద నువ్వు రాసిన గడువుకి అర్థం లేదు. మేము కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ తలుపు మీదే సుద్దతో రాస్తాం.

పని సరిగ్గా సాగుతోందో లేదో నేను ఇలా చూస్తాను. ఆదివారం పొద్దున్న సరుకు దిగకముందు వెళ్లి ఏవో ఐదు వస్తువులు ఎంచుకుంటాను. ప్రతిదాంట్లో తలుపు వైపు చివరిదీ, లోపలి చివరిదీ తారీఖులు చదువుతాను. తలుపు వైపుది పాతదై ఉండాలి. తిరగబడి ఉంటే మనుషుల్ని అడగను, ముందు ఆ పట్టీని చూస్తాను. చాలాసార్లు అక్కడ సరుకు ఎక్కువైపోయి ఉంటుంది, లేదా అర ఎత్తు చాలక జరపడానికి చెయ్యి దూరదు. పారబోసినవి కూడా ఒక పుస్తకంలో రాయిస్తాను, ఏది, ఎంత, ఎందుకు అని. మూడు వారాలు వరసగా కొత్తిమీరే కనపడితే అది వరస తప్పు కాదు, ఎక్కువ కొంటున్నామని.

నీ స్టోరు గది కొలతలు, కూల్ రూము లోపలి కొలతలు రాసి పంపు. తలుపు ఏ గోడకి ఉందో, లోపలికి తెరుచుకుంటుందో బయటికో కూడా రాయి, తీసే వైపు దాన్ని బట్టే పెట్టాలి. మేకు కొట్టించకముందే చించినాడ వంతెన దాటి ఒక పూట వస్తాను. సుద్దముక్కతో నేలమీద గీసి చూద్దాం. అక్కయ్యకి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ
బావ