తలల లెక్కన పంచాలి

వరద సాయం తక్కువగా ఉన్నప్పుడు ఇంటికింత అని సమానంగా పంచడం అన్యాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మా వీధి మునిగినప్పుడు దాతల లారీలో 300 కిలోల బియ్యం వచ్చింది. నలభై ఇళ్లకు ఇంటికి ఏడున్నర కిలోలు కొలిచి ఇచ్చారు. పై అంతస్తులో ఉండే మా ఇద్దరికీ అంతే, కింద సామాను మొత్తం తడిసిపోయిన ఏడుగురి కుటుంబానికీ అంతే. వాళ్లకది మూడు రోజులకు సరిపోలేదు, మా సంచి వారం దాటినా సగం మిగిలింది. మా వీధిలో ఉన్నది 140 మంది. మనిషికి రెండు కిలోలు లెక్కేస్తే, రోజుకు 400 గ్రాముల చొప్పున అందరికీ ఐదు రోజులు గడిచేది, 20 కిలోలు మిగిలేవి కూడా. ఆ మిగిలింది ఆలస్యంగా తెలిసే ఇళ్ల కోసం పక్కన పెట్టాలి. లెక్కకు రేషన్ కార్డు చాలదు, అద్దెకున్నవాళ్ల కార్డులు చాలావరకు సొంతూళ్లలోనే ఉంటాయి. లారీ రాకముందే వీధికి ఇద్దరు గుమ్మం గుమ్మానికీ తిరిగి మనుషుల్నీ, పసిపిల్లల్నీ, పొయ్యి వెలిగే ఇళ్లనూ రాసుకోవాలి. గ్యాస్ బండ నీళ్లలో కొట్టుకుపోయిన ఇంటికి బియ్యమెందుకు? ముందు వండిన అన్నం, పాల ప్యాకెట్లు ఇవ్వాలి. ఆ జాబితాను పంచే చోట గోడకు అంటిస్తే గొడవలూ తగ్గుతాయి.

— ఓ పాఠకుడు, విజయవాడ