కొటేషన్ల పోలికలో దాగిన సుంకం

సంపాదకుడు గారికి,

కొత్త సుంకాల దెబ్బకు కంపెనీలు దూరదేశాల సరఫరాదారులను వదిలి పొరుగు దేశాలకు మళ్లుతున్నాయన్న వార్తలు చూస్తున్నాను. పంపుల విడిభాగాలు కొనే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. మీటింగుల్లో ఎప్పుడూ ఒకటే లెక్క వినిపించేది: దూరపు ధర 100, సుంకం 25 శాతం, వెరసి 125. పొరుగున సుంకం లేకుండా 118. ఇంకెందుకు ఆలస్యం, మారిపోదాం!

ఈ లెక్కలో రెండు ధరలూ ఒకచోట నిలబడి లేవు. దూరపు కొటేషన్ ఎఫ్ఓబీ, అంటే సరుకు ఓడెక్కేదాకానే. పొరుగువాళ్లది వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. రెండింటినీ మన గోదాము గుమ్మందాకా తెచ్చి చూడాలి. సుంకం దేని మీద పడుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. అమెరికాలో ఓడ కిరాయి కలపని విలువ మీద, యూరప్‌లో కిరాయి, బీమా కలిపిన విలువ మీద వేస్తారు. ఇక్కడ ఎఫ్ఓబీ మీదే అనుకుందాం.

దూరపు సరుకుకు కిరాయి 8 కలిపితే 133. ఓడలో 45 రోజులు, ఆలస్యాలకు భయపడి దాచుకునే నిల్వ 30 రోజులు. అంటే 75 రోజులపాటు డబ్బు ఇరుక్కుపోతుంది. నిల్వ ఖర్చు ఏడాదికి 20 శాతం చొప్పున మరో 5 పైన పడుతుంది. మొత్తం దాదాపు 138.

పొరుగు సరుకుకు లారీ కిరాయి 3, 20 రోజుల నిల్వకు 1, కొత్త అచ్చులు, నమూనాల పరీక్షల ఖర్చును ముక్కలకు పంచితే 3. మొత్తం 125. అచ్చుల ఖర్చును ఎన్ని ముక్కలకు పంచామన్నది ఇక్కడ కీలకం. ఆర్డరు సగానికి తగ్గితే ఆ 3 కాస్తా 6 అవుతుంది. నాలుగు దేశాలకు పంచి కొనేవాళ్లకు ఈ తిప్పలు నాలుగింతలు.

ఇంతవరకు పొరుగుదే గెలుపు. కానీ మేమొకసారి ఇక్కడే దెబ్బతిన్నాం. పొరుగు సరఫరాదారు కాస్టింగును, అంటే పోతపోసిన ముక్కను, ఆ దూరదేశం నుంచే తెప్పించుకుని, రంధ్రాలు వేసి, నునుపు చేసి మాకు పంపుతున్నాడు. అంతమాత్రాన సరుకు పుట్టుక మారదని కస్టమ్స్ వాళ్లు తేల్చారు. అప్పుడు 118 మీద 25 శాతం పడుతుంది. 125 కాస్తా 154 దాటుతుంది. అందుకే మూలదేశ ధ్రువపత్రం ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. ముడిసరుకుల జాబితా, ఏ దశ ఎక్కడ జరుగుతోందో తీసుకోవాలి. సందేహముంటే కస్టమ్స్ నుంచి ముందస్తు నిర్ణయం రాతపూర్వకంగా కోరవచ్చు.

మరొక్క లెక్క కూడా వేయమంటాను. ఇదే ఉదాహరణలో సుంకం సుమారు 12 శాతానికి దిగితే రెండు ఖర్చులూ సమానమవుతాయి. అంతకన్నా తగ్గితే దూరపుదే చవక. ఒక ప్రకటనతో వచ్చిన సుంకం మరో ప్రకటనతో పోవచ్చు, అచ్చుల మీద పెట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. మారాలా వద్దా అని అడిగే యజమాని ముందు 125, 138 అంకెల పక్కనే ఆ 12 శాతాన్ని కూడా పెట్టాలి.

ఇట్లు,
కొనుగోలు విభాగపు మాజీ ఉద్యోగి