విషయం: మాయమైన 14 ఫోటోలు, ఆలస్యం, తప్పుడు బిల్లు గురించి

ప్రొడక్షన్ మేనేజర్ గారికి,

నమస్కారం. మారతహళ్ళిలో పెళ్ళి ఫోటోల స్టుడియో నడుపుతున్నాను. రెండేళ్ళుగా రీటచింగ్, ఆల్బమ్ డిజైన్ మీకే ఇస్తున్నాను. మీ వాళ్ళ పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. చర్మాన్ని మైనపు బొమ్మలా నున్నగా చేయకుండా సహజంగా ఉంచుతారనే మీ దగ్గరికి వచ్చాను. ఈసారి పాడైంది ఫైళ్ళు చేతులు మారిన చోట.

ఈసారి మీకు ఫోటోలు పంపిన పెళ్ళికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, రెండు కెమెరాలు. ప్రతి కెమెరా 0001 నుంచి 9999 వరకు తన లెక్కలో తాను నంబర్లు వేసుకుంటుంది కాబట్టి ఒకే నంబరు రెండింట్లోనూ వస్తుంది. అందుకే మీకు పంపే ముందు ఒక కెమెరా ఫైళ్ళకు A_ అని, రెండో దానికి B_ అని ముందు చేర్చాను. పెళ్ళివారు ఎంచుకున్న 320 ఫోటోల జాబితా కూడా ఆ పూర్తి పేర్లతోనే ఎక్సెల్‌లో ఇచ్చాను.

మీ దగ్గర నుంచి తిరిగి వచ్చిన ఫోల్డర్‌లో 306 ఫైళ్ళే ఉన్నాయి. పేర్ల ముందున్న A_, B_ లేవు. A_DSC_0412.NEF, B_DSC_0412.NEF అని నేను పంపిన రెంటికీ బదులు DSC_0412.jpg ఒక్కటే ఉంది. పేర్లు కుదించి అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసినప్పుడు రెండోది మొదటిదాని మీద పడిపోయింది. అలా రెండు కెమెరాల్లోనూ ఉన్న 14 నంబర్లలో ఒక్కో ఫోటో పోయింది. మీరు మెటాడేటా తీసేయలేదు కాబట్టి ఆ 14 ఫైళ్ళూ తెరిచి కెమెరా సీరియల్ నంబరు చూశాను. అన్నీ B కెమెరావే.

ఫోల్డర్ అందగానే లెక్కపెట్టకపోవడం నా పొరపాటు. ఆల్బమ్ మొదటి డిజైన్ చూసిన పెళ్ళికూతురు ఫోన్ చేసి, "అన్నా, మా జీలకర్ర బెల్లం ఫోటో ఏదీ?" అని అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. అది A కెమెరాలోని 0412. B కెమెరాలో అదే నంబరు భోజనాల పంక్తిది. ముహూర్తం షీట్ మధ్యలో 12x36 సైజులో విస్తళ్ళు, వడ్డించేవాళ్ళు కనిపిస్తుంటే మీ డిజైనర్‌కు అనుమానం రావాలి కదా! ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. 36 షీట్లలో 9 షీట్లకు ఇలాగే వేరే ఫోటోలు పడ్డాయి.

ఇక గడువు. అప్‌లోడ్ పూర్తయ్యాక 5 పనిదినాల్లో రీటచింగ్ అని మన ఒప్పందం. సోమవారం రాత్రి అప్‌లోడ్ అయింది, శనివారానికి రావాలి. వచ్చింది తర్వాతి మంగళవారం. అడిగితే, జాబ్ కార్డు గురువారం తెరిచాం, అప్పటి నుంచి 5 రోజులు అన్నారు. మీరు కార్డు ఎప్పుడు తెరుస్తారో నాకెలా తెలుస్తుంది? నేను పెళ్ళివారికి తేదీ చెప్పేది నా అప్‌లోడ్‌ను బట్టే. పోయిన 14 ఫోటోలకు కూడా కొత్త బ్యాచ్ అని మళ్ళీ 5 రోజులు తీసుకున్నారు. షీట్లు నేనే సరిచేసుకుంటానని పీఎస్‌డీలు అడిగితే, బిల్లు కట్టాకే ఇస్తామన్నారు. ప్రింటింగ్, బైండింగ్‌కు ల్యాబ్ వాళ్ళకు 4 రోజులు కావాలి. పెళ్ళికూతురి మొదటి మంగళగౌరీ నోముకు బంధువులంతా వచ్చేసరికి ఆల్బమ్ ఇస్తానని మాటిచ్చాను. నోము ఆల్బమ్ లేకుండానే జరిగింది. ఆమె తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

బిల్లు చూశాక ఈ లేఖ రాయక తప్పలేదు. ఫోటోకు 30 రూపాయల చొప్పున 320కి 9,600 రూపాయలు సరే. దాని మీద ఆ 14 ఫోటోలకు రీవర్క్ అని మరో 420, 9 షీట్లకు రెండో కరెక్షన్ అని షీటుకు 60 చొప్పున 540 వేశారు. కస్టమర్ మనసు మార్చుకుంటే కరెక్షన్ ఛార్జీ వేయండి, కడతాను. ఇక్కడ ఎవరూ మనసు మార్చుకోలేదు. మొదటి 320లోనే ఈ 14 ఫోటోల డబ్బు ఉంది. ఒకే పనికి రెండుసార్లు ఎలా కట్టమంటారు?

ఆ 960 రూపాయలు, దాని మీద వేసిన జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇవ్వండి. ఇకముందు నేను పంపిన ఫైలు పేరులో ఒక్క అక్షరం కూడా మార్చకండి, చివర .jpg మాత్రం మారితే చాలు. ఫైళ్ళు అందిన రోజే ఎన్ని అందాయో, పని పూర్తయ్యాక ఎన్ని పంపుతున్నారో మెయిల్‌లో రాయండి. గడువును అప్‌లోడ్ పూర్తయిన సమయం నుంచే లెక్కించండి.

శ్రావణం పెళ్ళిళ్ళవి ఇంకో రెండు ఆర్డర్లు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే అప్‌లోడ్ చేస్తాను.

ఇట్లు,
స్టుడియో యజమాని,
మారతహళ్ళి, బెంగళూరు