"వైట్ అంటే వైటే మేడమ్" అన్న మీ మనిషికీ, ఆయన పైవాళ్ళకీ

మహబూబ్‌నగర్

కస్టమర్ కేర్ పెద్దలకు,

విషయం: 3డీ ప్రింటర్‌లో వాడే మీ తెల్ల ప్లాస్టిక్ తీగ, అదే ఫిలమెంట్, మారింది, మారలేదని మీరు నాతో ఐదు వారాలుగా వాదిస్తున్నారు.

నా టికెట్ నంబర్ ఇక్కడ రాయడం లేదు. ఇప్పటికి మూడు నంబర్లు ఇచ్చారు, మూడింటినీ "పరిష్కరించబడింది" అని మూసేశారు. ఏది పరిష్కారమైందో నాకు మాత్రం చెప్పలేదు.

మా ఆయనది ఫోటో స్టూడియో. అందులోనే ఒక మూలన నాలుగేళ్లుగా నేను 3డీ ప్రింటర్ నడుపుతున్నాను. ఎక్కువగా చేసేవి ఫోటో దీపాలే, అంటే లిథోఫేన్ పలకలు. పగలు చూస్తే తెల్లటి ఎగుడుదిగుడు పలక, వెనక దీపం వెలిగిస్తే ఫోటో. పలుచగా ఉన్నచోట వెలుగు, మందంగా ఉన్నచోట నీడ, అంతే విషయం. రంగు లేదు, సిరా లేదు. ఫిలమెంట్ లోంచి వెలుగు ఎంత వస్తుందన్న దాని మీదే బొమ్మంతా నిలబడుతుంది. ఇది మీ ఐదుగురు ఏజెంట్లలో ఒక్కరికి కూడా తెలియదని నాకు ఐదు ఫోన్లలో అర్థమైంది.

మొదట జరిగింది చెబుతాను. జడ్చర్ల నుంచి ఒక రిటైర్డ్ పంతులు గారు వచ్చారు. భార్య సంవత్సరికానికి దీపం కావాలన్నారు. తెచ్చిన ఫోటో పాత బ్లాక్ అండ్ వైట్ ది. ఆమె నారాయణపేట చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, చీర మీద గళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఫోటో మీద రెండు సాయంత్రాలు కూర్చున్నాను. స్కాన్ చేసి మచ్చలు తీసేశాను. పాత ఫోటో మీద ఇసుకలా ఉండే గరుకుని కొంచెం మెత్తగా చేశాను, ఎందుకంటే ఆ గరుకు ఫోటోలో పెద్దగా కనపడదు కానీ పలకలో ఒక్కో చుక్కా ఒక పొక్కు అవుతుంది. వెనక నల్లగా ఉన్న తెరని తేలిక చేశాను. కనుబొమల కింద నీడని పైకి లేపాను, లేకపోతే కళ్ళు గుంటలైపోతాయి. చీర గళ్ళ మధ్య తేడా మాత్రం కావాలని పెంచాను. ఆ తర్వాత 100 బై 150 మిల్లీమీటర్ల పలక. అతి పలుచని చోట 0.8, అతి మందమైన చోట 3.0. ఈ రెండు అంకెలు మీ తెల్ల రోల్‌తో నాలుగేళ్లు పనిచేశాయి.

ఈసారి పని చేయలేదు. పలకని నిలువుగా నిలబెట్టి, 0.12 మిల్లీమీటర్ల పొరతో, నెమ్మదిగా ఏడు గంటల పైన ప్రింట్ చేశాను. దీపం వెలిగించి చూస్తే నుదురు, చెంపలు ఉన్నాయి. జుట్టు, కళ్ళు, చీర అంతా కలిసి ఒకటే నల్లటి ముద్ద. పంతులు గారు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మొఖమైతే ఆమెదే బిడ్డా. కండ్లేవి?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ రోజే మీకు ఫోన్ చేశాను. ఇరవై రెండు నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ తర్వాత ఒకాయన వచ్చి, "మేడమ్, బెడ్ లెవెల్ చేశారా?" అన్నారు. చేశాను సార్, పలక నిటారుగా నిలబడింది, ఎక్కడా ఊడలేదు, నా సమస్య వెలుగు రాకపోవడం అన్నాను. "అయితే మీ ప్రింటర్ కంపెనీకి చేయండి" అని పెట్టేశారు. రోల్ ఎవరిదో అడగలేదు.

రెండో ఆమె చాలా మర్యాదస్తురాలు. ప్రతి మాటకీ "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం" అన్నారు. ఎనిమిది సార్లు అన్నారు, లెక్కపెట్టాను. చింతించడం అయిపోయాక ఇన్‌ఫిల్ 100 పెట్టమన్నారు, అంటే పలక లోపల ఖాళీ లేకుండా నింపమని. అమ్మా, లిథోఫేన్ చేసే ఎవరైనా మొదటి రోజే నేర్చుకునేది అది. లోపల ఖాళీ ఉంచితే, వెనక దీపం పెట్టగానే ఆ జాలీ గీతలన్నీ ముఖం మీద పడతాయి. పడితే వల కప్పుకున్నట్టు కనపడుతుంది, నల్లముద్ద అవ్వదు. ఏ తప్పుకి ఏ ఆనవాలో మీ దగ్గర రాసి ఉన్న కాగితంలో లేదు కాబట్టి ఆమె తప్పేం లేదనుకుంటాను.

మూడో ఆయన రోల్ విప్పేటప్పటి వీడియో అడిగారు. ఉల్లిగడ్డలు కొనేటప్పుడు కూడా వీడియో తీయాలి కాబోలు ఇకమీద.

నాలుగో ఆయనది అసలైన సలహా. "పెద్ద బల్బు పెట్టండి మేడమ్." పెట్టాను సార్. మీ మాట మీద గౌరవంతో పెట్టాను. బల్బు పెద్దదైతే వెలుగు అన్నిచోట్లా అంతే రెట్లు పెరుగుతుంది. చీర నల్లగానే ఉంది, ముఖం మాత్రం తెల్లగా మాడిపోయి ముక్కు కూడా కనపడకుండా పోయింది. పైగా ఈ రోల్‌లో ఉండే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరలోనే మెత్తబడుతుంది. అందుకే మేము చిన్న ఎల్ఈడీలే వాడతాం. వేడెక్కే బల్బు పెట్టమని ఫిలమెంట్ అమ్మేవాళ్ళే చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

అప్పుడు నేనే ఒక పరీక్ష చేశాను. మీరు చేయాల్సిన పని అది. మెట్లున్న పట్టీ ఒకటి గీశాను. మొదటి మెట్టు 0.4, ఆ తర్వాత ప్రతి మెట్టుకీ 0.4 పెంచుతూ ఎనిమిదో మెట్టుకి 3.2 మిల్లీమీటర్లు. అదృష్టం కొద్దీ పాత రోల్ చివర నాలుగు చుట్లు మిగిలాయి. పాత రోల్‌తో ఒకటి, కొత్త రోల్‌తో ఒకటి, అవే సెట్టింగులతో తీశాను. చీకటి గదిలో దీపానికి ఆనించి చూస్తే పాత పట్టీలో ఎనిమిది మెట్లూ ఒకదాని తర్వాత ఒకటి మసకబారుతూ విడివిడిగా కనపడ్డాయి. కొత్తదాంట్లో నాలుగో మెట్టు దాకానే తేడా ఉంది. 1.6 తర్వాత నాలుగు మెట్లూ ఒకటే నలుపు.

అంటే పంతులమ్మ గారి జుట్టు, కళ్ళు, చీర గళ్ళు అన్నీ 1.6కీ 3.0కీ మధ్యే ఉన్నాయి. నేను పెట్టిన మందాలు పలకలో నిజంగానే ఉన్నాయి, చేత్తో తడిమితే చీర గళ్ళు వేలికి తగులుతున్నాయి. కంటికే లేవు. ఒక పొర వెలుగులో సగం మింగితే రెండో పొర ఆ మిగిలిన సగంలో సగం మింగుతుంది. పొరపొరకీ ఎక్కువ మింగే ప్లాస్టిక్ అయితే చాలా తొందరగా చీకటైపోతుంది. మీరు తెల్లరంగు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ పెంచి ఉంటారని నా అనుమానం. పెంచడం నేరం కాదు. బొమ్మలకీ డబ్బాలకీ అదే మంచిది, వెనక ఉన్నది కనపడకుండా ఒకటి రెండు పొరలకే చక్కగా కప్పుతుంది. కానీ అదే పేరు, అదే డబ్బా, అదే ధర పెట్టి లోపల మార్చి, అడిగితే మారలేదంటే ఎట్లా?

ఈ రెండు పట్టీల ఫోటో పంపితే వారం తర్వాత ఐదో ఆయన ఫోన్ చేశారు. "మేడమ్, రెండూ తెల్లగానే ఉన్నాయి కదా?" దీపం ముందు పెట్టి చూడండి సార్ అన్నాను. "వైట్ అంటే వైటే మేడమ్" అన్నారు. మా ఊళ్ళో పాలు పోసే ఆయన కూడా నీళ్ళు కలిపినప్పుడు ఈ మాటే అంటాడు, కానీ కొంచెం సిగ్గుపడతాడు. పై ఆఫీసరుతో మాట్లాడించమంటే నన్ను మళ్ళీ మొదటి ఆయనకే కలిపారు. ఆయన మళ్ళీ బెడ్ లెవెల్ చేశారా అన్నారు. మా పిల్లలమర్రి ఊడల్లో మొదలు మాను ఏదో వెతకడం ఇంతకన్నా సులువు.

మందం తగ్గించుకోవచ్చు కదా అంటారేమో. అదీ చేశాను. 0.6 నుంచి 1.6 కి కుదించాను. చీర గళ్ళు వచ్చాయి, కళ్ళూ వచ్చాయి. కానీ ఇంతకు ముందు 2.2 మిల్లీమీటర్లలో పరుచుకున్న నీడలన్నీ ఒక్క మిల్లీమీటరులో ఇరుక్కున్నాయి. దాంతో ప్రింటర్ ఎక్కడ వెంట్రుక వాసి తడబడినా అది చెంప మీద గీతై కూర్చుంది. అదే తడబాటు పాత రోల్‌తో ఎవరికీ కనపడేది కాదు. ఇక పలుచని చోట్ల వెనకున్న ఎల్ఈడీలు చుక్కలు చుక్కలుగా బయటికి కనపడ్డాయి, మధ్యలో పాల గాజు లాంటి ఇంకో షీటు పెట్టాల్సి వచ్చింది. ఒకటైతే అడుగున అంచు కత్తిరించేటప్పుడు చేతిలోనే పుటుక్కుమంది. మూడోసారికి ఇవ్వగలిగేది ఒకటి వచ్చింది. అప్పటికి సంవత్సరికం అయిపోయి ఆరు రోజులైంది. పంతులు గారు ఏమీ అనకుండా డబ్బులు పూర్తిగా ఇచ్చి వెళ్ళారు. అనుంటే బాగుండేది.

నాలుగేళ్లలో మీ రోళ్ళు అరవైకి పైగా కొన్నాను. వనపర్తిలో ఒకరికి, గద్వాలలో ఇద్దరికి నేనే చెప్పి కొనిపించాను. వాళ్ళందరికీ ఇప్పుడు ఏం చెప్పాలో మీరే చెప్పండి. "వైట్ అంటే వైటే" అని చెప్పనా?

ఇంకా విప్పని రోళ్ళు మూడు నా దగ్గర ఉన్నాయి. అవి వెనక్కి తీసుకోవాలి. మారిన బ్యాచ్‌లు ఏవో చెప్పాలి, డబ్బా మీద రాయాలి. వెలుగు వచ్చే పాత తెలుపు ఇంకా ఎక్కడైనా ఉంటే అది వేరే పేరుతోనైనా అమ్మండి, రూపాయి ఎక్కువైనా కొంటాను. అన్నిటికన్నా ముందు, కాగితం చూసి చదవని మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి "అవునమ్మా, మార్చాం" అని ఒక్క మాట అనాలి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 చట్టం వచ్చాక నేనున్న చోటే వేసుకోవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. మీరే మహబూబ్‌నగర్ రావాల్సి ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ ఐదో ఆయనని తప్పకుండా తీసుకురండి, దీపం నేను తెస్తాను.

ఇట్లు,
నాలుగేళ్లుగా మీ కస్టమర్

తా.క.: రెండు పట్టీలూ ఈ కవరులోనే పెట్టాను. వెనక "పాత", "కొత్త" అని పెన్సిల్‌తో రాసి ఉంది. చీకట్లో ఫోన్ లైటు మీద పెట్టి చూసినా చాలు, నాలుగో మెట్టు తర్వాత చూడండి. చూశాక పాత పట్టీ దయచేసి వెనక్కి పంపండి. మళ్ళీ తీద్దామంటే ఆ రోల్ అయిపోయింది.