జైసల్మేర్ ఇంటి రెండర్: మీరు చదవకుండానే మూసేసిన ఫిర్యాదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

విషయం: ‘రిసాల్వ్‌డ్’ అని మీరు మూసేసిన, ఇప్పటికీ ఎవరూ చదవని నా ఫిర్యాదు గురించి.

నమస్కారం. ఈ ఉత్తరాన్ని మీ టికెట్ సిస్టమ్‌లో పెట్టడం లేదు. అందులో పెడితే ఒక నంబరు ఇస్తారు, ఆ తర్వాత ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ పంపుతారు, ఈ మధ్యలో దాన్ని తెరిచి చూసే నాథుడే ఉండడు. అందుకే స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. కనీసం సంతకం పెట్టి తీసుకోవడానికైనా ఒక మనిషి మీ ఆఫీసులో ఉంటారని నమ్మకం.

సంగతి మీ ఫైల్‌లో ఉంది. ఉన్నా చూడరు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. మా ఆర్కిటెక్ట్ ఆఫీసు క్లయింటుది బేగంబజార్‌లో వ్యాపారం, సొంత ఊరు జైసల్మేర్ పక్కన. తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట వాళ్లకున్న స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. పసుపు రాయి గోడలు, మందం 18 అంగుళాలు. కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో గీసి చూపే బొమ్మలు, అదే రెండర్లు, రెండు అడిగాం. ఒకటి మార్చి 21 మధ్యాహ్నం దక్షిణం గోడ, రెండోది సాయంత్రం దుమ్ము లేచిన వేళ రోడ్డు మీద నుంచి కనిపించే ఇల్లు. వాళ్ల అమ్మగారికి ప్లాన్ చదవడం రాదు. బొమ్మ చూసే ఒప్పుకోవాలి. మీకు డబ్బు కట్టింది అందుకే.

మొదటి బొమ్మ వచ్చింది. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికి జరిపి చూస్తే గోడ అట్టముక్కలా ఉంది. మా డ్రాయింగ్‌లో కిటికీ గోడకు లోపలి అంచున ఉంటుంది, అంటే బయటి నుంచి 14 అంగుళాలు లోపలికి. మార్చి 21న అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో పన్నెండింటికి కాదు, ఒంటిగంటకు కాస్త ముందు. జైసల్మేర్ అంత పడమరగా ఉంది. అప్పుడు ఎండ 63 డిగ్రీల ఎత్తు నుంచి పడుతుంది. 14 అంగుళాల లోతుకి కిటికీ పైనుంచి దాదాపు 28 అంగుళాల నీడ దిగాలి. నాలుగు అడుగుల కిటికీలో సగానికి పైగా నీడే. డిసెంబర్ 21న అదే కిటికీకి సూర్యుడు 40 డిగ్రీల దగ్గరే ఉంటాడు కాబట్టి నీడ 12 అంగుళాలకు తగ్గుతుంది, చలికాలం ఎండ ఇంట్లోకి వస్తుంది. మందపాటి గోడ కట్టించేది ఇందుకే. మీ బొమ్మలో నీడ రెండు అంగుళాలు కూడా లేదు. మీ లైబ్రరీలోని రెడీమేడ్ కిటికీ తెచ్చి గోడ బయటి ముఖానికి అంటించారు, అంతే. మీ మోడల్ ఫైల్ తెరవక్కర్లేకుండా, ఆ నీడ వెడల్పు చూస్తేనే తెలిసిపోతుంది.

ఇది తప్పు అని నేను గొడవ చేయలేదు. తప్పులు ఎవరైనా చేస్తారు. ఒక బొమ్మ మీద గీతలు గీసి, కొలతలు రాసి, మర్యాదగా పంపాను. నా గొడవ ఆ తర్వాత జరిగిన దాని గురించి.

ముందుగా చాట్‌లో ఒక అబ్బాయి వచ్చాడు. ‘సార్, మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైంది’ అన్నాడు. నేను ఇంకా ఇబ్బంది చెప్పనే లేదు. చెప్పాక ‘షాడోస్ డీప్‌గా కావాలి, అంతే కదా సార్’ అని సంతోషంగా వెళ్లిపోయాడు. మర్నాడు బొమ్మ వచ్చింది. నీడ వెడల్పు అదే రెండు అంగుళాలు, కాకపోతే తారు పూసినంత నల్లగా ఉంది. ఫొటోషాప్‌లో నొక్కేశారు. ఎడారి అంచున నీడ ఎప్పుడూ అంత నల్లగా ఉండదండీ. ఎదురుగా లేత రంగు ఇసుక పరుచుకుని ఉంటే దాని మీద పడ్డ ఎండ పైకి లేచి కిటికీ గూటి కప్పు అడుగు భాగాన్ని వెలిగిస్తుంది. గూట్లో అన్నిటికంటే వెచ్చటి, తేలికపాటి రంగు అక్కడే కనిపించాలి. ఇవన్నీ రాసి పంపితే జవాబు: ‘యాజ్ పర్ యువర్ రిక్వెస్ట్ షాడో ఇంటెన్సిటీ పెంచాం. మా సేవకు ఐదు స్టార్లు ఇవ్వండి.’

ఫోన్ చేశాను. నా కాల్ మీకు చాలా ముఖ్యమని మీ రికార్డింగ్ చెప్పింది. ఆ ముఖ్యమైన కాల్‌ని ఒకమ్మాయి ఎత్తి, బిల్లింగ్ వాళ్లకు బదిలీ చేసింది. బిల్లింగ్ ఆయన నన్ను ‘మీకు ఇన్‌వాయిస్‌లో ప్రాబ్లమా?’ అని అడిగాడు. కిటికీలో ప్రాబ్లమ్ అన్నాను. ‘విండోస్ ఏ వెర్షన్ సార్?’ అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన కూడా జోక్ చేయడం లేదు.

ఇంక రెండో బొమ్మ. దుమ్ము కావాలంటే మీవాళ్లు మొత్తం బొమ్మ మీద నారింజ రంగు పొర ఒకటి కప్పి పంపారు. పిపెట్‌తో రంగు తీసి చూశాను. ముందున్న తలుపు సందులోని నీడ, వెనకాల దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు నీడ, రెండూ ఇంచుమించు ఒకే గోధుమ రంగు. దుమ్ము అలా ఉండదు. దూరం పెరిగే కొద్దీ అది ఎక్కువవుతుంది. రెండు కిలోమీటర్ల దాకా కనిపించే దుమ్ము అనుకుని లెక్క వేయండి. 20 మీటర్ల దూరంలోని మా గోడకు వెలుగునీడల తేడాలో 4 శాతమే పోతుంది, అంటే దాదాపు శుభ్రంగానే ఉండాలి. 500 మీటర్ల దూరంలోని ట్యాంకుకు మాత్రం 40 శాతం కూడా మిగలదు. దగ్గరి నీడలు గాఢంగా నిలబడి, వెనకాల ఊరు కరిగిపోతుంటేనే అది దుమ్ము. మీరు పంపింది పాత ఫొటో మీద చల్లిన పసుపు.

దీనికి మీ ‘సీనియర్ స్పెషలిస్ట్’ గారు ఇచ్చిన జవాబు చూసి నాకు బీపీ పెరిగింది. నిజమైన దుమ్ములా కావాలంటే రెండర్ టైమ్ పెరుగుతుందట, ఎక్స్‌ట్రా చార్జి అట. సార్, దానికి మొత్తం మళ్లీ రెండర్ చేయక్కర్లేదు. ప్రతి చుక్కా కెమెరాకు ఎంత దూరంలో ఉందో చెప్పే డెప్త్ పాస్ ఒకటి తీసి, దాని ప్రకారం రంగు కలిపితే ఇలాంటి బొమ్మకు చాలు. అది విడిగా తీయడానికి కొద్ది నిమిషాల పని. ఆ మాట రాశాను. ‘మీ సూచనను సంబంధిత టీమ్‌కు పంపాం’ అన్నారు. ఆ సంబంధిత టీమ్ ఏ గ్రహం మీద ఉందో, ఉత్తరం ఇంకా చేరినట్టు లేదు.

మొక్కల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. మొదటిసారి పచ్చిక వేశారు. ఏడాదికి 20 సెంటీమీటర్లు కూడా సరిగ్గా కురవని చోట, గోల్ఫ్ కోర్సు లాంటి పచ్చిక! నీళ్లు తక్కువ తాగే మొక్కలు కావాలన్నాం మొదటి నుంచీ, పేర్లతో సహా. ఒక జమ్మి చెట్టు, అక్కడ ఖేజ్రీ అంటారు. మన తెలంగాణకూ వాళ్ల రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం, మీ ఆఫీసు ఉన్న ఊళ్లో దసరాకి పూజ చేసే చెట్టే. రెండు కైర్ పొదలు, ఆకు దాదాపు ఉండదు, పచ్చటి ముళ్ల కొమ్మలే. అక్కడక్కడ సేవణ్ గడ్డి దుబ్బులు, మధ్యలో ఉత్త ఇసుక. ఫిర్యాదు చేస్తే పచ్చిక తీసేసి, రెండు చేతులెత్తి నిలబడ్డ మనిషంత కాక్టస్‌లు నాటారు. అవి అమెరికా, మెక్సికో మధ్య సోనోరన్ ఎడారిలో పెరిగే సగువారోలు. థార్‌లో వాటంతట అవి మొలవవు. క్లయింటు వాళ్ల అమ్మగారు ఆ బొమ్మను చేతికందినంత దూరంలో పట్టుకుని చూసి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, ‘ఇల్లు బాగుంది, ఎవరిది?’ అన్నారు. నా పరిస్థితి మీరు ఊహించుకోండి. ఊహించుకోరు లెండి.

ఫోన్‌లో చెబితే మీవాడు ‘ఎడారి అంటే కాక్టసే కదా సార్, క్లయింట్స్ ఇష్టపడతారు’ అన్నాడు. మూడోసారి గడ్డి దుబ్బులు వేశారు, కానీ చదరంగం గళ్లల్లా సమాన దూరంలో. ఎవరో మొక్కల్ని దానంతట అదే చల్లే స్కాటర్ టూల్ నొక్కి టీకి వెళ్లారు. అక్కడ మొక్క నీళ్లు ఉన్న చోటే నిలుస్తుంది: కప్పు నీళ్లు పడే గొట్టం కింద, గోడ మొదట్లో, కాస్త పల్లంగా ఉన్న చోట. మిగతాది ఖాళీ. ఆ ఖాళీ ఉంటేనే గోడ నీడ ఇసుక మీద పరుచుకున్నట్టు కనిపిస్తుంది. దీనికి జవాబే రాలేదు. వచ్చింది `Final_Approved.jpg` అనే ఫైలు. ఎవరు అప్రూవ్ చేశారండీ? నేను చేయలేదు. కింద ‘టికెట్ మూసివేయబడింది’ అని ఉంది. తెరవమంటే మూసేసిన టికెట్ తెరవడం కుదరదు, కొత్తది పెట్టమన్నారు. కొత్తది పెడితే దీని మీద పాత టికెట్ ఉంది కాబట్టి డూప్లికేట్ అని మూసేశారు. ఇంత తెలివి ఆ కిటికీ మీద పెట్టి ఉంటే ఈపాటికి పని అయిపోయేది.

మీరు అద్దె ఫ్లాట్‌లో రెండు కంప్యూటర్లతో మొదలుపెట్టిన రోజుల్లో మీకు పని ఇచ్చింది మా ఆఫీసు. అప్పుడు మీ ఓనరు గారు స్వయంగా ఫోన్ ఎత్తేవారు. డ్రాయింగ్‌లో డౌట్ వస్తే రాత్రి పదింటికైనా అడిగేవారు, అది నాకు చిరాకు అనిపించేది కాదు. మీ పేరు ఎంతమందికి చెప్పానో మీ అకౌంట్స్‌లోనే చూసుకోవచ్చు. ఇప్పుడు ఆయన్ని కలపమంటే ‘ఎస్కలేషన్ మ్యాట్రిక్స్ ప్రకారం కుదరదు’ అంటున్నారు. బాగా ఎదిగారు, సంతోషం.

డబ్బు వాపసు ఇస్తారో, బొమ్మలు సరిగ్గా చేస్తారో అది మీ ఇష్టం. నిజానికి ఈపాటికి ఆ నీడ 28 అంగుళాలు వచ్చినా రాకపోయినా నాకు తీరే కోపం కాదు. నేను పంపిన గీతల బొమ్మను తెరిచి, కింద దాకా చదివి, తన పేరు చెప్పి నాతో మాట్లాడే ఒక మనిషి కావాలి. చాట్‌లో కాదు, ఫోన్‌లో. ‘మీ ఇబ్బంది అర్థమైంది’ అనే మాటతో మొదలుపెడితే నేనే పెట్టేస్తాను.

వచ్చే సోమవారం లోపు ఆ ఫోన్ రాకపోతే మా లాయరు గారి నోటీసు వస్తుంది. మీ రెండర్, నా గీతలు, మీ జవాబులు అన్నీ పక్కపక్కన పెట్టి మా ఆర్కిటెక్టుల వాట్సాప్ గ్రూపులో వేస్తాను. అందులో మీ కస్టమర్లు చాలామందే ఉన్నారు. కాక్టస్‌ల బొమ్మ మాత్రం ముందు వేస్తాను.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం ‘సంతృప్తి చెందిన’ కస్టమర్

జత: కొలతలు గీసిన బొమ్మ (మళ్లీ), మొక్కల పేర్ల కాగితం (మళ్లీ)